బేరింగ్ డూప్లికేటే

"అన్నా, రెండు నెలల కింద మీరు వేసిన బేరింగ్ ఒరిజినలేనా? మోటారు అప్పుడే కూత పెడుతోంది."

కాదండి, డూప్లికేటే. కంపెనీ కస్టమర్ కేర్ నుంచి సోమవారం జవాబు వచ్చింది. మారతహళ్లిలో పదకొండేళ్లుగా మోటారు వైండింగ్ చేస్తున్నాను, ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

మొదట నా పనినే అనుమానించాను. షాఫ్ట్ మీదికి బేరింగ్ ఎక్కించేటప్పుడు బలం లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే బాల్స్ ట్రాక్‌లో గుంటలు పెడతాయి, అప్పుడూ ఇలాగే కూత వస్తుంది. కానీ నేను ఎప్పుడూ పైపు పెట్టి లోపలి రింగునే నొక్కుతాను. పైగా తిరిగొచ్చిన మూడు మోటార్లలోనూ ఒకే సరుకులోని 6204 నంబరు బేరింగులే ఉన్నాయి. డబ్బా మాత్రం అచ్చం ఒరిజినల్‌లాగే ఉంది. కంటితో తేల్చలేక కంపెనీకి రాశాను.

మొదటి ఫోటోలు పనికి రాలేదు. ఫ్లాష్ వెలుగుకు స్టీలు మెరిసి, రింగు మీది అక్షరాలు కనబడలేదు. రెండోసారి కిటికీ దగ్గర పెట్టి తీశాను: విప్పని డబ్బా అన్ని వైపులా, లేబుల్ దగ్గరగా, తర్వాత విప్పి బేరింగ్ రెండు ముఖాలూ. పాతదాని గ్రీజు గుడ్డతో తుడిచానే తప్ప ఎమెరీ పేపర్ తగలనివ్వలేదు. ఆ రాత చెరిగితే సాక్ష్యమే పోతుంది. "ఇది మీరు తయారు చేసిందేనా, కాదా? నా కస్టమర్లకు నేను జవాబు చెప్పాలి" అని రాశాను.

కొన్న బిల్లు కూడా పంపమన్నారు. అక్కడ ఆగిపోయాను. బిల్లు పంపితే సప్లయర్ పేరు బయటపడుతుంది. లాక్‌డౌన్‌లో షాపు మూసి ఉన్నప్పుడు నాకు అప్పు మీద సరుకు ఇచ్చిన మనిషి ఆయన. ఇంట్లో ఆయన పెట్టిన గడియారమే ఉంది. నాలుగు రోజులు నిద్ర లేదు. చివరికి స్వయంగా వెళ్లి అడిగాను. "అందరూ ఇదే వేస్తున్నారు, నీకొక్కడికే ఏం బాధ?" అన్నాడు. తెలిసే ఇచ్చాడన్నమాట. ఆ రాత్రే బిల్లు జత చేసి పంపాను.

లేబుల్ మీది కోడ్‌కూ రింగు మీది రాతకూ పొంతన లేదని, ఇది తమ సరుకు కాదని కంపెనీ రాసింది. ఆ జవాబు ఫోటోలు పంపినవాటికే వర్తిస్తుంది. అయినా మిగిలిన ఇరవై రెండూ పక్కన పెట్టేశాను, ఏదీ ఎవరి మోటారులోకీ పోదు.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా నా దగ్గర బేరింగ్ మార్పించుకున్నవాళ్లు, శబ్దం రాకపోయినా మోటారు తీసుకురండి. బేరింగులు, కూలీ రెండూ నావే. ఇకపై కంపెనీ డీలర్ దగ్గరే కొంటాను, ధర కొంచెం పెరుగుతుంది. అడిగితే కొన్న బిల్లు చూపిస్తాను, పాత బేరింగ్ మీ చేతికే ఇస్తాను.