డబ్బు తీసుకున్న సంగతి మొదటి లైన్లోనే చెప్పాలి

సంపాదకుడు గారికి, నమస్కారం.

నేను మైకులు, ఇయర్‌ఫోన్ల మీద వీడియోలు, పోస్టులు చేస్తుంటాను. కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని ఆ మాట అసలు చెప్పనివాళ్ల గురించి చాలామంది రాస్తున్నారు. చెప్పీ చెప్పనట్టు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక కంపెనీ నాకు మైకు ఉచితంగా పంపి, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి డబ్బు కూడా ఇచ్చింది. నేను ఆరు లైన్లు మైకు గురించి రాసి, కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో #collab అని పెట్టి, చెప్పేశాను కదా అనుకున్నాను. కానీ ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి. మిగతాది "more" నొక్కితే గానీ తెరుచుకోదు. నొక్కినవాళ్లకైనా ఆ మాటతో ఏం తెలుస్తుంది? ఇద్దరు స్నేహితులు కలిసి సరదాగా వీడియో చేసినా #collab అనే పెడతారు.

రెండు రోజులకు ఒకమ్మాయి కామెంట్ పెట్టింది: "అక్కా, యాడ్ అని ముందే చెప్పినా చూసేదాన్ని. ఇప్పుడు మీ పాత వీడియోలన్నీ అనుమానంగా ఉన్నాయి." ఆ పాతవాటిలో చాలావరకు నా సొంత డబ్బుతో కొన్నవే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పోస్టు మొదటి లైన్ ఇలా మార్చాను: "ఈ పోస్టుకి మైకు కంపెనీ నాకు డబ్బిచ్చింది, మైకూ ఉచితంగా ఇచ్చింది. పెట్టేముందు వాళ్లు చూసి ఒప్పుకున్నారు." ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. నాకైతే అదే ముఖ్యం. డబ్బు ఎవరిచ్చారన్నది ఎంత అవసరమో, నా మాటల్ని దిద్దే అధికారం ఎవరికుందన్నదీ చూసేవాళ్లకు అంతే అవసరం. అందుకే ఇప్పుడు డబ్బు తీసుకునే ముందే రెండు షరతులు కాగితం మీద రాయించుకుంటున్నాను. డబ్బు తీసుకున్న సంగతి మొదట్లోనే చెబుతాను. ధర, బ్యాటరీ లాంటి వివరాల్లో పొరపాటుంటే కంపెనీ దిద్దవచ్చు, నేను చెప్పిన లోపాన్ని మాత్రం తీసేయమనకూడదు. గాలిలో ఆ మైకు గరగరమంటుందన్న మాట తీసేయమని అడిగితే, ఆ డబ్బు వద్దనుకోవడమే.

వీడియోలో ఇంకో చిక్కుంది. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ అని టిక్ పెడితే ఆ గుర్తు మొదటి 10 సెకన్లు కనిపించి పోతుంది. ఫోన్ పక్కన పెట్టి వినేవాళ్లకు అది తెలియదు. మధ్యలో ముక్క కత్తిరించి ఎవరైనా షేర్ చేస్తే అందులో అసలుండదు. అందుకని టిక్ పెట్టినా సరే, మొదటి పొగడ్తకు ముందే నోటితో చెబుతున్నాను. డబ్బు లేకుండా వస్తువు మాత్రమే వచ్చినా, లింకు మీద కమీషన్ వచ్చినా అంతే.

మీ పత్రికలో "ప్రకటన" అన్న మాట పైన వేస్తారు, పేజీ చివర కాదు. మేమూ అలాగే చేయాలని నా తోటివాళ్లను అడుగుతున్నాను.

ఆ అమ్మాయి కామెంట్‌ను నేను తీసేయలేదు. కింద తప్పు ఒప్పుకుంటూ జవాబు రాసి, ఆ కామెంట్‌నే పైకి పిన్ చేశాను.

భవదీయురాలు,
ఒక వీడియో చానెల్ నిర్వాహకురాలు