జాబ్ మేళా ఫారంలో లింగం గడి తీసేయండి, జీతం గడి తప్పనిసరి చేయండి: గుంటూరు జిల్లా ఉపాధి అధికారికి బహిరంగ లేఖ

గుంటూరు జిల్లా ఉపాధి అధికారి గారికి,

నమస్కారం.

గుంటూరు, విజయవాడల్లోని చిన్న వ్యాపారాలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా వృత్తి. జాబ్ మేళాలకు యజమానులు ఇచ్చే ఖాళీల ప్రకటనలు చాలావరకు ఎలా తయారవుతాయో దగ్గరుండి చూస్తుంటాను. ఎక్కడో చూసిన పాత ప్రకటనకు కంపెనీ పేరు మార్చి, రెండు అర్హతలు పెంచి పంపిస్తారు. అది అలాగే ఉద్యోగం వెతుక్కునే పిల్లల ఫోన్లలోకి చేరుతుంది. మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ రాయించిన ప్రకటన చూడండి:

"స్టాక్ సూపర్‌వైజర్ కావలెను. పురుషులు మాత్రమే. వయసు 21–28. బీకాం లేదా ఎంబీఏ, ఫస్ట్ క్లాస్. 3 ఏళ్ల అనుభవం. ఇంగ్లీషు బాగా మాట్లాడాలి. ఒత్తిడికి తట్టుకునే చురుకైన కుర్రాళ్లకు ప్రాధాన్యం. సొంత బైక్ తప్పనిసరి. జీతం అనుభవాన్ని బట్టి."

ఆ యజమానిని నేను మొదట అడిగింది ఒక్కటే: "ఇప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారండీ?"

"మా పాత గుమాస్తా. ఇంటర్ తప్పాడు. మనిషి మాత్రం బంగారం."

"మరి ఎంబీఏ ఎందుకండీ?"

"అలా రాయకపోతే ఊరంతా వచ్చి పడుతుందండీ. ఎవరు కూర్చుని ఏరతారు?"

అసలు సంగతి ఈ రెండో జవాబులో ఉంది. డిగ్రీ అడిగింది పని కోసం కాదు, గుంపును ఆపడానికి. ఇది మన ఊరి జబ్బే కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వాళ్లు 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం, అమెరికాలో ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ప్రకటనల్లో 67 శాతం డిగ్రీ అడిగాయి. అప్పటికే ఆ పనిలో ఉన్నవారిలో డిగ్రీ ఉన్నది 16 శాతానికే.

ఇంతకీ ఆ స్టాక్ పని ఏమిటి? రైతు సరుకు దిగగానే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టించి, పేరు, ఊరు, రకం, లాటు నంబరు, ఏ చాంబర్లో పెట్టారో రిజిస్టర్లో ఎక్కించి రసీదు ఇవ్వాలి. సరుకు బయటికి వెళ్లేటప్పుడు డెలివరీ చీటీ చూసి, ఆ లాటులోంచి తగ్గించి, అద్దె లెక్క కట్టాలి. మోసేది హమాలీలు. రైతులతో తెలుగు, ఉత్తరాది వ్యాపారులతో ఫోన్లో కాస్త హిందీ. ఇంగ్లీషు బాగా మాట్లాడే సందర్భం ఏడాదిలో ఎప్పుడొస్తుందో యజమాని కూడా చెప్పలేకపోయారు.

ఈ పనిలో నష్టం ఎక్కడొస్తుందంటే, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతుల లాట్లు కలిసిపోయినప్పుడు. ఒకరి తేజ మిర్చి ఇంకొకరి చీటీ మీద లారీ ఎక్కిందంటే డబ్బు కట్టుకోవాల్సింది గిడ్డంగే. కాబట్టి అక్కడ కావలసింది చేతిరాత చదివి, అంకెలు తప్పకుండా రాసి, అనుమానం వస్తే లారీ ఆపి అడిగే మనిషి. ఇంత ముఖ్యమైన సంగతి ప్రకటనలో ఒక్క ముక్క కూడా లేదు!

అర్హతల్ని ఒక్కొక్కటే తీసి రెండు ప్రశ్నలు వేశాం: ఇది మొదటి రోజే కావాలా? నెల రోజుల్లో నేర్పితే వస్తుందా? తెలుగు చదవడం, రాయడం, లెక్క మొదటి రోజే కావాలి. వాళ్ల సాఫ్ట్‌వేర్ నేర్పితే వస్తుంది, ఎలాగూ ప్రతివాళ్లకీ నేర్పాల్సిందే. 3 ఏళ్ల అనుభవం దేనికీ నిలబడలేదు, ఒక సీజన్ చేసిన మనిషికి పని వచ్చేస్తుంది. బైక్ సంగతి అడిగితే, ఉదయం 8కి గేటు దగ్గర ఉండాలన్నది అసలు మాట అని తేలింది. మరి ఆ మాటే రాస్తే సరిపోతుంది కదా.

"పురుషులు మాత్రమే" దగ్గర కొంచెం ఆగాలి. ఒకే రకం పనికి ఆడా మగా తేడా చూపి తీసుకోకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్ మూడో సెక్షన్లోనూ అదే ఉంది. చట్టమే మహిళల్ని నిషేధించిన, పరిమితం చేసిన పనులకే మినహాయింపు. యజమాని వాదన రాత్రి లారీల గురించి. అది కొట్టిపారేసేది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వను కూడా ఫ్యాక్టరీ పనుల కిందే లెక్కగట్టి, మహిళల రాత్రి పనికి పరిమితులు పెట్టింది. 2020 వృత్తి భద్రత కోడ్ ప్రకారం రాత్రి 7 తర్వాత, ఉదయం 6కి ముందు వాళ్లతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, ప్రభుత్వం చెప్పిన భద్రత షరతులు పాటించాలి. కాబట్టి సీజన్లో రాత్రి డ్యూటీ ఉంటుందని, ఎన్ని నెలలో, ఇంటికి వాహనం ఉందో లేదో రాయాలి. ఒప్పుకోవాలా వద్దా అన్నది చదివేవాళ్లు తేల్చుకుంటారు.

"చురుకైన కుర్రాళ్లు" లాంటి మాటలు పైకి నిషేధం కావు, పని మాత్రం అదే చేస్తాయి. ఇంగ్లీషు ప్రకటనల మీద 2011లో అచ్చయిన పరిశీలనలో గౌచర్, ఫ్రీసన్, కే అనే పరిశోధకులు ఇదే చూశారు. మగవాళ్లకు అంటగట్టే మాటలు ఎక్కువైతే ఆ ఉద్యోగం మీద మహిళలకు ఆసక్తి తగ్గింది. నాకు పని రాదేమో అన్న భయంతో కాదు, అక్కడ నాలాంటివాళ్లు ఉండరన్న అభిప్రాయంతో. వయసు పరిమితి, కొన్ని ప్రకటనల్లో కనిపించే "దృఢకాయులు" అన్న మాట కూడా ఈ కోవలోవే. కుర్చీలో కూర్చుని రిజిస్టర్ రాసే పనికి కాలు సరిగా లేని మనిషిని ఆ ఒక్క మాట గేటు బయటే నిలబెడుతుంది.

ఇక గుంపు భయం. దీనికి జవాబు లేకుండా అర్హతలు తగ్గించమంటే ఏ యజమానీ వినడు. మేం పెట్టింది 20 నిమిషాల చిన్న పరీక్ష. 234 టిక్కీల లాటు, దానికి చేత్తో రాసిన 60, 85, 40 టిక్కీల డెలివరీ చీటీలు. మిగిలింది 49 అని రాయాలి. వీటి మధ్య నాలుగో చీటీ ఒకటి ఉంటుంది. రైతు పేరు అదే, లాటు నంబరు మాత్రం వేరు. దాన్ని కూడా తీసివేసినవాళ్లు ఆగిపోతారు, పక్కన పెట్టి "ఇదేంటండీ?" అని అడిగినవాళ్లు ముందుకెళ్తారు. ఒక హాల్లో అందరూ ఒకేసారి రాస్తారు, దిద్దడానికి పాత గుమాస్తా చాలు. సర్టిఫికెట్ల కట్ట తిరగేయడం కంటే ఇది తేలిక. ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్, హెవీ లైసెన్సు లాంటివి చట్టం అడిగేవి, వాటిని ఎవరూ తగ్గించలేరు. ఆ తేడా తెలుసుకునే అడుగుతున్నాను.

చివరికి ప్రకటన ఇలా తయారైంది:

"మిర్చి కోల్డ్ స్టోరేజీలో స్టాక్ గుమాస్తా కావాలి. సరుకు రాకపోకలు రిజిస్టర్లో రాయాలి, అద్దె లెక్క కట్టాలి, రైతులతో మాట్లాడాలి. తెలుగు చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు తప్పకుండా రావాలి. హిందీ వస్తే మంచిది, రాకపోయినా దరఖాస్తు చేయండి. కంప్యూటర్ మేం నేర్పుతాం. బరువులు మోసే పని లేదు. ఉదయం 8కి గేటు దగ్గర ఉండాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వంతులవారీగా రాత్రి డ్యూటీ, మహిళలకు సమ్మతి ఉంటేనే, ఇంటికి వాహనం ఉంటుంది. 20 నిమిషాల రాత పరీక్ష."

దీని కింద జీతం కనిష్ఠం, గరిష్ఠం అంకెల్లో వేయించాం. ఆ వరుసకే యజమాని అన్నిటికంటే ఎక్కువ గింజుకున్నారు. పాతవాళ్లు చూస్తే పెంచమంటారట! అది ఆయన ఇంటి గొడవ, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చే పిల్లలది కాదు.

ఫలితాన్ని దరఖాస్తుల సంఖ్యతో కొలవొద్దని కూడా మనవి. పరీక్ష దాటినవాళ్లలో పాత ప్రకటన ప్రకారం అసలు లోపలికే రాలేనివాళ్లు ఎంతమంది, చేరినవాళ్లు మరుసటి సీజన్ దాకా ఉన్నారా అన్నవి చూడాలి.

మీ చేతిలో ఉన్న పని చిన్నదే. మేళా ఫారంలో లింగం గడి తీసేయండి. ఎవరైనా పరిమితి కావాలంటే ఏ చట్టం ప్రకారమో రాయమనండి. అర్హత గడిని "మొదటి రోజే కావలసినవి", "మేం నేర్పేవి" అని రెండు చేయండి. జీతం గడి ఖాళీగా ఉన్న ఫారం వెనక్కి పంపండి. మిర్చి సీజన్ ముందు జరిగే మేళాకు ఫారాలు అచ్చుకు ఇచ్చేలోపు పిలిస్తే, యార్డు చుట్టుపక్కల గిడ్డంగుల ఖాళీలను మీ సిబ్బందితో కూర్చుని నేనే రాసిపెడతాను. రుసుం అక్కర్లేదు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక నియామకాల సలహాదారు