మెష్ వెనక ప్లాస్టిక్ పలక: మీ ‘హై ఎయిర్‌ఫ్లో’ క్యాబినెట్‌పై ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: ముందు ప్యానెల్ గాలిని అడ్డుకోవడం, ‘పాజిటివ్ ప్రెషర్’ అన్న తప్పు ప్రకటన గురించి

అయ్యా,

మీ కంపెనీ ‘హై ఎయిర్‌ఫ్లో’ పేరుతో అమ్ముతున్న కంప్యూటర్ క్యాబినెట్‌ను గత నెల మీ డీలర్ దగ్గర కొన్నాను. మెష్ ఫ్రంట్ ప్యానెల్, ఆరు 120 ఎం.ఎం. ఫ్యాన్లు, దుమ్ము చేరనివ్వని పాజిటివ్ ప్రెషర్ అని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆరు ఫ్యాన్లు ఉన్న మాట నిజమే. మిగతా రెండింటి గురించే ఈ ఉత్తరం.

ఇంతకుముందు సిస్టం బాగా వేడెక్కుతోందని మీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, ‘మీ ఊళ్లో ఎండలు ఎక్కువ సార్, గదిలో ఏసీ వేసుకోండి, లేకపోతే పక్క గ్లాస్ తీసేసి వాడుకోండి’ అన్నారు. గ్లాస్ తీసి వాడుకోవడానికైతే క్యాబినెట్ కొనడం దేనికో నాకు అర్థం కాలేదు. ఎండ సంగతికి జవాబు కింద రాస్తున్నాను.

నా సిస్టంలో రైజెన్ 5 5600 ప్రాసెసర్, మామూలు టవర్ ఎయిర్ కూలర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. ఆ కార్డు ఒక్కటే 200 వాట్ల వరకు తీసుకుంటుంది. గది 34 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక గేమ్‌ను అరగంట నడిపి, లోపలి వేడిని చూపే HWiNFO ప్రోగ్రాంలో చూస్తే కార్డు 84 డిగ్రీల దగ్గర నిలబడింది. ఫ్యాన్ల వేగం ఏమీ మార్చకుండా, మీ ముందు ప్యానెల్ ఒక్కటి ఊడదీసి అదే గేమ్‌ను అదే చోట మళ్లీ నడిపాను. ఈసారి 73 దగ్గర ఆగింది. గది వేడి రెండుసార్లూ 34 డిగ్రీలే. కాబట్టి ఆ పదకొండు డిగ్రీలు విజయవాడ ఎండవి కావు, మీ ప్యానెల్‌వి. నిజంగా గాలి ఆడే మెష్ ఉన్న క్యాబినెట్‌లో ప్యానెల్ తీసినా పెట్టినా మామూలుగా రెండు మూడు డిగ్రీలకు మించి తేడా రాదు. మీ ఇంజినీర్లకు ఇది తెలియని సంగతి కాదు.

తేడా ఎందుకు వచ్చిందో చూద్దామని ప్యానెల్ లోపలి స్క్రూలు విప్పాను. బయటికి కనిపించే ఇనుప జాలీ బాగానే ఉంది, రంధ్రాలు పెద్దవి, వెనక లైటు పెడితే చక్కగా కనబడుతుంది. కానీ దాని వెనక ఒక సన్నని నైలాన్ ఫిల్టర్, దాని వెనక లైట్ల స్ట్రిప్‌ను పట్టుకోవడానికి నల్లటి ప్లాస్టిక్ పలక ఉన్నాయి. ఆ పలకలో అక్కడక్కడా వేలు కూడా పట్టని చీలికలు తప్ప ఖాళీ లేదు. అంటే మూడు ఇంటేక్ ఫ్యాన్లూ ఎదురుగా ఉన్న పలకకు మొహం పెట్టి తిరుగుతున్నాయి. వాటికి అందే గాలిలో ఎక్కువ భాగం ప్యానెల్ అంచుల సందుల్లోంచి వస్తోంది. ఇది మెష్ ప్యానెల్ కాదు, మెష్ ముసుగు వేసుకున్న మూత ప్యానెల్.

ఇక ప్రెషర్ సంగతి. పాజిటివ్ ప్రెషర్ అంటే బయటికి పోయే గాలికన్నా లోపలికి వచ్చే గాలి ఎక్కువ ఉండాలి. మీరు మూడు ఫ్యాన్లు ముందు గాలి లోపలికి లాగేలా, పైన రెండు, వెనక ఒకటి బయటికి తోసేలా బిగించి పంపారు. ఆరూ ఒకే రకం, ఒకే హబ్ మీద ఒకే వేగంతో తిరుగుతాయి, వేగం మార్చుకునే వీలు లేదు. కాగితం మీద చూసినా ఇది సరిసమానమే తప్ప పాజిటివ్ కాదు. పైగా లోపలికి వచ్చే గాలి ఫిల్టర్‌నూ పలకనూ దాటాలి, బయటికి పోయే గాలికి పైన ఖాళీ జాలీ తప్ప అడ్డేమీ లేదు. కాబట్టి వచ్చేదానికన్నా పోయేది ఎక్కువ, అంటే నెగెటివ్ ప్రెషర్. ఆ లోటు కనబడిన ప్రతి సందులోంచీ పూడుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక అగరుబత్తి చాలు. గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపి, సిస్టంను గేమ్ లేకుండా ఊరికే నడవనిచ్చి, వెనకవైపు అన్నిటికన్నా కింద ఉన్న ఖాళీ స్లాట్ కవరు దగ్గర అగరుబత్తి పట్టుకున్నాను. పొగ నేరుగా కవరు రంధ్రాల్లోకి వెళ్లిపోయింది. ముందు ప్యానెల్ తీసి అదే చోట పట్టుకుంటే పొగ బయటికి తోసుకొచ్చింది. ఫ్యాన్లు అవే, వేగం అదే. మారింది ప్యానెల్ ఒక్కటే. రెండు వీడియోలూ జత చేస్తున్నాను.

దుమ్ము కూడా ఇదే చెబుతోంది. నెల వాడాక చూస్తే ముందు నైలాన్ ఫిల్టర్ దాదాపు కొత్తదానిలా ఉంది. స్లాట్ కవర్ల రంధ్రాల చుట్టూ, గ్లాస్ లోపలి అంచు పొడుగునా మాత్రం బూడిద రంగు చారలు కట్టాయి. ఫిల్టర్ ఉన్న దారిన గాలి రావడం లేదు, లేని దారిన వస్తోంది. నెగెటివ్ ప్రెషర్ వల్ల వేడి పెరిగిపోతుందని నేను అనడం లేదు. గాలి ధారాళంగా ఆడితే ఏ ప్రెషర్ అయినా ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉండదు. తేడా దుమ్ముది. పాజిటివ్‌లో దుమ్మంతా ఫిల్టర్ దగ్గర ఆగుతుంది, తీసి కుళాయి కింద కడుక్కోవచ్చు. నెగెటివ్‌లో అది గ్రాఫిక్స్ కార్డు రెక్కల్లోకి చేరుతుంది. రోడ్డు పక్క ఇంట్లో ఉండేవాడు మీ ‘దుమ్ము చేరదు’ అన్న మాట చూసే కొంటాడు.

ఫ్యాన్లు పెట్టిన చోటు కూడా సరిగా లేదు. పైన ముందువైపు ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్, ముందు నుంచి వచ్చే కాస్త చల్లగాలిని ప్రాసెసర్ కూలర్‌కు చేరకముందే పైకి లాగేస్తోంది. దాని వైరు పీకేశాక ప్రాసెసర్ మూడు డిగ్రీలు తగ్గింది. పైన రెండూ ఆపేశాక, ప్యానెల్ ఉండగానే, స్లాట్ల దగ్గర పొగ లోపలికి పోవడం ఆగి మెల్లగా బయటికి రావడం మొదలైంది. కార్డు మాత్రం 81కి దిగి అక్కడే ఉంది, ఎందుకంటే దానికి కావలసింది ముందు నుంచి వచ్చే గాలి. ఆరు ఫ్యాన్లకు డబ్బు కట్టి నాలుగే తిప్పుకుంటే పర్వాలేదనిపిస్తోంది. వెనక ఎగ్జాస్ట్ ఒక్కటీ ఉంచి, పైవి కావాలంటే పెట్టుకోమని విడిగా ఇచ్చి ఉంటే సరిపోయేది.

కాబట్టి నేను కోరేది ఇది. వెనక పలక లేని, ఫిల్టర్ విడిగా తీసి కడుక్కోగలిగే ముందు ప్యానెల్‌ను మీ ఖర్చుతో పంపండి. లైట్ల స్ట్రిప్ లేకపోయినా నాకు ఇబ్బంది లేదు. అది కుదరకపోతే క్యాబినెట్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ‘పాజిటివ్ ప్రెషర్’ అన్న మాటను పెట్టె మీదా, అమ్మకం పేజీలోనూ తీసేయండి. ప్యానెల్‌ను లోపలివైపు నుంచి తీసిన ఫొటో ఒకటి ఆ పేజీలో పెడితే కొనేవాళ్లు వాళ్లే చూసుకుంటారు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు కాపీ, HWiNFO స్క్రీన్‌షాట్లు, పలక ఫొటోలు జత చేశాను. ప్యానెల్ తీసుకెళ్లడానికి మనిషిని పంపేటట్లయితే సాయంత్రం ఆరు దాటాక పంపండి, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(చిరునామా, ఫోన్ నంబరు బిల్లు కాపీలో ఉన్నాయి)