గంట తేడాతో పోయిన ఇంటర్వ్యూకి మెయిల్ ఎట్లా రాయాలంటే

శీనా,

మీటింగు లింకు నొక్కి ఖాళీ స్క్రీను చూస్తా కూర్చున్నా, వాళ్ళే ఎగ్గొట్టారని పెట్టావే, వాళ్ళు ఎగ్గొట్టలేదురా. వచ్చి, నీకోసం చూసి పోయుంటారు. గంట లేటు నువ్వే.

ఎట్లాగంటే, మెయిల్లో 10:00 AM EST అని ఉందన్నావు. దానికి పదిన్నర గంటలు కలిపి మంగళవారం రాత్రి 8:30 అనుకున్నావు. లెక్క సరే. కానీ అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. 2026లో అది మొన్న 8వ తేదీనే అయింది. ఇప్పుడు న్యూయార్కుకీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలే, వాళ్ళ పొద్దున పదంటే మనకు రాత్రి 7:30. EST అంటే నిజానికి చలికాలపు టైమే, కానీ అలవాటు కొద్దీ ఏడాది పొడుగునా అదే రాసేవాళ్ళు బోలెడుమంది. క్యాలెండర్ ఇన్విటేషన్ కూడా వచ్చుంటే తెరిచి చూడు. ఫోన్లో టైమ్ జోన్ మనదే పెట్టుంటే అందులో 7:30 అనే కనపడుతుంది.

అట్లాగని మెయిల్లో 'మీరే తప్పు రాశారు' అని మాత్రం వాదనకు దిగబాక. నెగ్గుతావు, ఉద్యోగం పోతుంది.

ఇప్పుడు మనకు తొమ్మిది, అక్కడ పొద్దున పదకొండున్నర. ఆఫీసులోనే ఉంటారు, ఈ రాత్రికే పంపు. రేపటికి వాయిదా వేస్తే, ఇంటర్వ్యూ చేయాల్సినాయన 'అభ్యర్థి రాలేదు' అని రాసి మూసేస్తాడు. మూసింది మళ్ళీ తెరిపించడం హెచ్‌ఆర్ అమ్మాయికి ఇంకో పని.

కొత్త మెయిల్ మొదలుపెట్టబాక. టైము ఇచ్చిన ఆ పాత మెయిల్‌కే రిప్లై కొట్టు, నువ్వెవరో ఏ ఉద్యోగమో వెతుక్కోనక్కర్లేకుండా కింద అంతా ఉంటుంది. 'టు'లో హెచ్‌ఆర్ పేరుందా లేదా చూసుకో. క్యాలెండర్ నోటీసుకి రిప్లై కొడితే ఎవరూ చూడని చిరునామాకు పోయే ప్రమాదముంది. సబ్జెక్టు లైన్ను కదిలించబాక. లోపల ఇంత చాలు, ఇంగ్లీషులోకి నువ్వే మార్చుకో:

"నమస్తే. ఈరోజు పది గంటల ఇంటర్వ్యూకి సమయానికి రాలేకపోయాను, క్షమించండి. ఆదివారం మారిన టైమును లెక్కలోకి తీసుకోకుండా గంట ఆలస్యంగా చేరాను. ముందే సరిచూసుకోవాల్సింది. మీ సమయం, ఇంటర్వ్యూ చేయాల్సినవారి సమయం వృథా అయింది. ఇంకొక అవకాశం ఇవ్వగలిగితే బుధ, గురువారాల్లో (మార్చి 11, 12) న్యూయార్క్ టైము పొద్దున 9 నుంచి 11 మధ్య ఎప్పుడైనా సిద్ధంగా ఉంటాను. భారత కాలమానంలో అది సాయంత్రం 6:30 నుంచి 8:30. వేరే సమయం చెప్పినా సర్దుకుంటాను."

కింద పేరు, +91తో ఫోన్ నంబరు. అంతే.

కారణం ఒక్క వాక్యం దాటనియ్యబాక. కావలిలో కరెంటు పోయిందనీ, నెట్ రాలేదనీ కలపబాక. నువ్వు 8:30కి చేరినట్టు వాళ్ళ మీటింగు రికార్డులో పడుండొచ్చు, అప్పుడు కరెంటు కథ నిలబడదు. ఆ రికార్డే నీ అసలు కారణానికి సాక్ష్యం కూడా.

ఒకే టైము ఇవ్వకుండా రెండు రోజులు ఎందుకంటే, హెచ్‌ఆర్‌కి కష్టమైన పని నిన్ను క్షమించడం కాదు, ఆ ఇంటర్వ్యూ చేసేవాళ్ళ క్యాలెండర్లో ఇంకో ఖాళీ దొరకబుచ్చుకోవడం. వెడల్పుగా ఇస్తే ఆమె పని సగం అయిపోతుంది. టైము పక్కన EST అని నువ్వు కూడా రాయబాక, ET అని రాయి. ఎండాకాలానికైనా చలికాలానికైనా అది చెల్లుతుంది. నీ అంతట నువ్వే కొత్త ఇన్విటేషన్ పంపేది కూడా వద్దు, పెత్తనం చేసినట్టుంటుంది.

ఇంటర్వ్యూ చేసేది ఒక్కరే అయితే మళ్ళీ టైము దొరికే వీలు బాగానే ఉంటుంది. నలుగురు కూర్చునే ప్యానెల్ అయితే మాత్రం చెప్పలేం, వేరేవాళ్ళు ఉంటే వాళ్ళతోనే ముందుకు పోవచ్చు. గురువారం రాత్రి దాకా ఉలుకూ పలుకూ లేకపోతే శుక్రవారం సాయంత్రం ఏడింటప్పుడు అదే మెయిల్ కింద రెండు లైన్లు రాసి, వచ్చే వారం టైములు ఇవ్వు. ఆ తర్వాత ఊరుకో. ఇంటర్వ్యూ చేయాల్సినాయన్ని లింక్డిన్‌లో పట్టుకుని బతిమలాడబాక.

ఇంకోటి. తర్వాతి రౌండు లండన్ వాళ్ళతో అన్నావు గదా. వాళ్ళు గడియారం మార్చేది మార్చి ఆఖరి ఆదివారం, ఈసారి 29న. 28 దాకా మనకీ వాళ్ళకీ తేడా ఐదున్నర గంటలు, 29 నుంచి నాలుగున్నర. తేదీ రాగానే ఇది చూసుకో.

ముందు మెయిల్ కొట్టు. పంపేముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, ఒంగోల్లో మేలుకునే ఉంటా.

నీ,
రమణ