మూసేసిన నా టికెట్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నా ఫిర్యాదు పరిష్కారమైందని, టికెట్ మూసేశామని మీ మెసేజ్ వచ్చింది. సంతోషం. ఏం పరిష్కరించారో నాకూ కాస్త చెబితే బాగుండేది.

విషయం చిన్నదే. చక్రాల కుర్చీ వాడేవాళ్ల కోసమని మీరు అమ్మిన ప్యాంటుకి సరిగ్గా పిరుదుల ఎముకలు ఆనే చోట దళసరి మడత కుట్టు ఉంది. పైగా వెనక జేబులొకటి! రోజంతా కూర్చునేవాడు వాటిలో ఏం పెట్టుకుంటాడండీ? నాకు నడుము కింద స్పర్శ లేదు. ఏది ఒత్తుకున్నా తెలియదు కాబట్టి రాత్రిపూట అద్దంలో చూసుకుంటాను. కుట్టు పొడవునా ఎర్రటి గీత కనిపించింది. వేలితో నొక్కినా తెల్లబడలేదు. అలా తెల్లబడని ఎరుపు ఒత్తిడి పుండుకి మొదటి గుర్తు. అది ముదిరితే మానడానికి నెలలు పడుతుంది.

ఇదంతా ఫోన్‌లో చెబితే మొదటి అమ్మాయి "ఒక సైజు పెద్దది తీసుకోండి సార్" అంది. పెద్దది వేసుకుంటే మిగిలిన గుడ్డంతా కిందే ముడతలు పడుతుంది, అవీ ఒత్తుకుంటాయి అన్నాను. లైన్ ఇంకొకరికి కలిపింది. ఆయన విన్నంతసేపు విని, ఫిట్టింగ్ చూడాలి, నిలబడి ముందు నుంచి, వెనక నుంచి ఫొటోలు తీసి పంపమన్నాడు. నిలబడి! ఆ ప్యాంటు ఎవరి కోసం కుట్టారో మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా?

డిజైన్ టీమ్ ఫోన్ చేస్తుందన్నారు, చేయలేదు. బదులుగా మెయిల్ వచ్చింది: వెల్క్రో మూసి ఉతకాలట, లేకపోతే నూలుపోగులు పట్టి అంటుకోదట. నిజమే. కానీ నేను వెల్క్రో గురించి ఒక్క ముక్క అనలేదు. పక్కన తెరుచుకునే ఆ పట్టీ ఒక్కటే ఈ ప్యాంటులో బాగుంది. మళ్లీ ఫోన్ చేస్తే ఎక్స్‌ఛేంజ్ గడువు దాటిపోయిందన్నారు. మీ ఫోన్ కోసం ఎదురుచూస్తుంటేనే కదా దాటింది!

నేను మీకు పాత కస్టమర్‌ని. ఒకప్పుడు అయస్కాంతం గుండీల షర్టు అడిగితే, ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉందా అని మీవాళ్లే ముందు అడిగేవారు. అలాంటి మనుషులు ఏమైపోయారు? ఆ నమ్మకంతోనే మా ఫిజియోథెరపీ సెంటర్‌లో ఎంతోమందితో మీ బట్టలు కొనిపించాను. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?

ఆ కుట్టుని తొడ పక్కకి జరిపి, చదునుగా కుట్టి, జేబులు తీసేస్తే సరిపోతుంది. వెనక భాగం ఎత్తు పెంచి, ముందు తగ్గిస్తే కూర్చున్నప్పుడు నడుము దగ్గర జారదు కూడా. ఇది మీ డిజైనర్‌కి నేను చెప్పాల్సి రావడమేమిటో!

డబ్బు వాపసు ఇస్తే ఇవ్వండి, అది తర్వాతి మాట. ముందు ఆ ప్యాంటు డిజైన్ చేసినవాళ్లు నాకు ఫోన్ చేయాలి. ఈ వారంలో చేయకపోతే నా ఒంటి మీది గీత ఫొటో, మీ మెయిళ్లు అన్నీ కలిపి వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాయి. ఆ ఫొటో మాత్రం నిలబడి తీసింది కాదు, క్షమించాలి.

ఇట్లు,
మీరు టికెట్ మూసేసిన కస్టమర్