బకుచియాల్ సీసా మీది మాటను మారుస్తున్నాము

"మీ బకుచియాల్ సీరం ముడతలకు, మచ్చలకు రాసుకునే రెటినాల్ అంత పని చేస్తుందా అండీ? మూలికల కొట్లో బావంచాల నూనె తక్కువ ధరకే దొరుకుతోంది, అది రాసుకుంటే సరిపోదా?" అని గంటస్తంభం వైపు నుంచి వచ్చే ఒక కస్టమర్ అడిగారు.

సరిపోదు. పైగా ఎండలో తిరిగేవారికి ఆ నూనె ప్రమాదం. బావంచాల గింజలో బకుచియాల్‌తో పాటు సొరాలెన్ అనే పదార్థం కూడా ఉంటుంది. చర్మం మీద సొరాలెన్ ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టవుతుంది. బొల్లి మచ్చలకు వైద్యులు బావంచాలను వాడుతూ వచ్చింది ఈ గుణం కోసమే, అదీ ఎండను కొలిచి తగిలిస్తూ. ముఖానికి రాసుకుని మధ్యాహ్నం బయటికి వెళ్తే అదే గుణం కీడు చేస్తుంది. మంట వెంటనే రాదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, ఒక్కోసారి పొక్కి, ఆపైన నెలల తరబడి నల్లమచ్చ మిగులుతుంది. అందుకే చాలామంది ఆ నూనెను అనుమానించరు. మన దేశ రసాయన శాస్త్రజ్ఞులు 1966లో ఆ గింజ నుంచి వేరుచేసి గుర్తించిన బకుచియాల్ మాత్రం వేరే పదార్థం. సొరాలెన్‌ను తీసివేసి శుద్ధి చేసిన బకుచియాల్‌నే సీరంలో వాడాలి. సీసా మీది పదార్థాల పట్టికలో "బకుచియాల్" అని ఉందో, "సొరాలియా కోరిలిఫోలియా సీడ్ ఆయిల్" అని ఉందో చూడండి. రెండవది ఉంటే అది గింజ నూనె.

ఇక రెటినాల్ సంగతి. మా మొదటి సీసాల మీద "రెటినాల్‌కు సమానం" అని ముద్రించాము. అది మేము చేసిన తప్పు. ఆ మాటకు మేము ఆధారంగా తీసుకున్నది బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీ ప్రచురించిన పరీక్ష. అందులో 44 మంది 12 వారాల పాటు, కొందరు 0.5 శాతం బకుచియాల్ క్రీమును రోజుకు రెండుసార్లు, మిగిలినవారు 0.5 శాతం రెటినాల్ క్రీమును రోజుకు ఒకసారి రాసుకున్నారు. రెండు వర్గాల్లోనూ ముడతలు, నల్లమచ్చలు తగ్గాయి. వర్గాల మధ్య గణాంకపరంగా తేడా కనిపించలేదు. పొట్టు లేవడం, చురుక్కుమనడం మాత్రం రెటినాల్ వాడినవారికే ఎక్కువగా కనిపించింది.

అయితే 44 మందిలో తేడా కనిపించకపోవడం వేరు, రెండూ సమానమని తేలడం వేరు. చిన్న తేడాను పట్టుకోవడానికి ఆ సంఖ్య చాలదు. ఒక క్రీమును రెండు పూటలా, మరొకదాన్ని ఒక్క పూట రాసినందువల్ల పోలిక కూడా పూర్తిగా సరితూగదు. ఏ మందూ లేని ఉత్త క్రీమును రాసిన మూడవ వర్గం లేదు కాబట్టి మెరుగుదలలో కొంత క్రీము తేమదే కావచ్చు. రెటినాల్‌కు దశాబ్దాల పరిశోధన ఉంది, బకుచియాల్‌కు ఇంకా అంత లేదు.

మా మరదలి అనుభవం చెబుతాను. రెటినాల్‌ను ప్రతి రాత్రీ రాసి, రెండు వారాలకే ముక్కు పక్కన, పెదవుల అంచున పొట్టు లేచి, నీళ్లు తగిలినా మంట పుట్టి మానేసింది. చర్మం కుదుటపడ్డాక బకుచియాల్‌ను ముందు మోచేతి మడతలో వారం రోజులు రాసి చూసుకుని, తర్వాత ముఖానికి మొదలుపెట్టింది. నెల దాటినా ఏమీ మారలేదు. మూడవ నెలలో చెంప మీది మచ్చ కాస్త పలచబడింది. అదే సమయంలో రోజూ సన్‌స్క్రీన్ కూడా రాసింది కనుక ఆ ఫలితమంతా మా సీరందే అని నేను అనలేను.

కాబట్టి రెటినాల్ పడక మానేసినవారికి, సున్నితమైన చర్మం వల్ల దానికి జంకేవారికి ఇది తగిన ఎంపిక అని నా అభిప్రాయం. రెటినాల్ ఇబ్బంది లేకుండా పడుతున్నవారు మారనక్కరలేదు. మొటిమలకు డాక్టరు రాసిన ట్రెటినాయిన్‌కు బదులుగా దీన్ని కొనవద్దు. గర్భిణులు రెటినాల్‌కు దూరంగా ఉండాలంటారు గనుక చాలామంది ఇటు చూస్తున్నారు. కానీ గర్భిణుల మీద బకుచియాల్‌కు తగిన పరీక్షలు జరగలేదు, మీ డాక్టరును అడగకుండా మా దగ్గర కొనకండి. మొక్క నుంచి వచ్చినదైనా కొందరికి అలర్జీ వస్తుంది. దురదతో దద్దు లేస్తే వెంటనే ఆపండి.

కొత్త సీసా మీద "రెటినాల్‌కు సమానం" బదులు "0.5 శాతం శుద్ధి చేసిన బకుచియాల్" అని మాత్రమే ఉంటుంది. పాత మాటను నమ్మి కొన్నవారు, సీసా సగం వాడినా సరే, విజయనగరం కొట్టుకు తెస్తే పూర్తి డబ్బు వాపసు ఇస్తాము.