షుగర్ మిషను డబ్బా మీద స్ట్రిప్పు ధర ముద్రించాలి

సంపాదకుడు గారికి,

మొన్న మా మెడికల్ షాపుకి ఒక రైతు వచ్చి, "అన్నా, షుగర్ మిషను కావాలి. తక్కువలో ఏదుంది?" అన్నాడు. వాళ్లమ్మకి కొత్తగా షుగర్ మాత్రలు రాశారట. మొదటిసారి కొనేవాళ్లు దాదాపు అందరూ ఇదే అడుగుతారు. డబ్బా మీద కనపడేది మిషను ధరే మరి.

"వారానికి ఎన్నిసార్లు చూడమన్నారు తమ్ముడూ?" అంటే, మూడుసార్లన్నాడు. చూసిన ప్రతిసారీ రక్తం చుక్క పెట్టే స్ట్రిప్పు ఒకటి అయిపోతుంది, అంటే ఏడాదికి 156 స్ట్రిప్పులు. అతను చేతిలోకి తీసుకున్న మిషను 500 రూపాయలు, దాని స్ట్రిప్పు ఒక్కోటి 24. పక్కనున్నది 1,000, స్ట్రిప్పు 15. చీటీ మీద లెక్కేసి చూపించాను. ఏడాదికి స్ట్రిప్పులకే మొదటిదానికి 3,744, రెండోదానికి 2,340. మిషను ధర కలుపుకున్నా ఖరీదైనదే మొదటి ఏడాదిలో 904 రూపాయలు మిగులుస్తోంది. ఒకదాని స్ట్రిప్పు ఇంకోదానిలో పనిచేయదు కాబట్టి, కొన్నాక మనసు మార్చుకోవాలంటే మిషనే మార్చుకోవాలి.

"అయితే యాభై స్ట్రిప్పుల డబ్బా ఇయ్యన్నా, చౌకగా పడతాయి కదా" అన్నాడు. వద్దన్నాను. ఆ రకం స్ట్రిప్పుల డబ్బా మూత తీసిన మూడు నెలల్లో వాడేయాలి. వారానికి మూడు చొప్పున 13 వారాలకి 39 అవుతాయి, 11 పారేయాల్సిందే. గాలి, తేమ తగిలి పాడైన స్ట్రిప్పు చూడ్డానికి బాగానే ఉంటుంది, అంకె మాత్రం తప్పు చూపిస్తుంది. పాతికవే ఇచ్చాను.

రక్తం ఎంత కావాలన్నది అతను అడగలేదు, నేనే చెప్పాను. వాళ్లమ్మ పొలం పనులు చేసిన మనిషి, వేళ్ల చర్మం మొద్దుబారి ఉంటుంది. కొన్ని స్ట్రిప్పులకి ఒక మైక్రోలీటరు కావాలి, కొన్నింటికి అందులో సగం చాలు. చుక్క చాలకపోతే మిషను ఎర్రర్ చూపిస్తుంది, ఆ స్ట్రిప్పు దండగ. వేలిని గట్టిగా పిండితే రక్తంతోపాటు కణజాలంలోని నీరూ కలిసి అంకె తేడా వస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చమని చెప్పి, సగం మైక్రోలీటరుదే తీసుకోమన్నాను. 1,000 రూపాయల మిషను అదే.

మెమరీ 500 రీడింగులా, వెయ్యా అన్నది పెద్ద విషయం కాదు. తేదీ, టైము సరిగ్గా పెట్టకపోతే ఏది పరగడుపున చూసిందో, ఏది తిన్నాక చూసిందో డాక్టరుకి తెలియదు. అవి షాపులోనే పెట్టి పంపాను.

ఇదంతా చెప్పే తీరిక రద్దీ వేళ నాకూ ఉండదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి చెప్పే మనిషే ఉండడు. 2021లో మందుల ధరలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఈ షుగర్ మిషన్ల మీద వ్యాపారుల లాభానికి పరిమితి పెట్టింది. అలాగే ఒక్కో స్ట్రిప్పు ధర, మూత తీశాక ఎన్నాళ్లు వాడొచ్చు, ఎంత రక్తం కావాలి అన్న మూడింటినీ మిషను డబ్బా ముందువైపే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా ముద్రించేలా కేంద్రం ఆదేశించాలని కోరుతున్నాను.

– ఒక ఫార్మసిస్టు, తెనాలి